ఆఫ్‌గ్రిడ్ సోలార్‌కు ముందు లోడు పట్టిక: వాట్లు, గంటలు, సర్జ్ సరిగా రాయడం ఎలా

"ఆరు లైట్లు, మూడు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, ఒక మోటారు. ఎన్ని ప్యానెళ్లు కావాలి, ఎంత బ్యాటరీ కావాలి?" ఈ ప్రశ్న నాకు వారానికి ఒకసారైనా వస్తుంది. నేను చెప్పే జవాబు ఒక్కటే: ముందు పట్టిక పంపండి. చాలామంది పంపుతారు కూడా. కాకపోతే వాటిలో సగం పట్టికల్లో ఫ్రిజ్ పక్కన 24 గంటలు అని, మోటారు పక్కన 373 వాట్లు అని, ఇన్వర్టర్‌కు అసలు వరుసే లేకుండా ఉంటుంది. వాటిని సరిచేయడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. ప్యానెళ్ల లెక్క, బ్యాటరీ రకాల ఎంపిక దీని తర్వాతి పనులు. వాటి జోలికి వెళ్లడం లేదు.

## 1. పట్టిక రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పాలి

మొదటి ప్రశ్న: ఇల్లు రోజు మొత్తంలో ఎంత కరెంటు తింటుంది? దీన్ని వాట్ అవర్లలో లెక్కిస్తాం. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్. ప్యానెళ్లు, బ్యాటరీ ఈ అంకె మీద ఆధారపడతాయి.

రెండో ప్రశ్న: అన్నిటికంటే గడ్డు క్షణంలో ఇన్వర్టర్ మీద ఒక్కసారిగా ఎంత బరువు పడుతుంది? ఇన్వర్టర్ సైజు, బ్యాటరీ కేబుళ్ల మందం దీని మీద ఆధారపడతాయి.

ఈ రెండింటికీ పొంతన ఉండదు. రౌటర్ తొమ్మిది వాట్లదే అయినా రోజంతా వెలుగుతూ మొదటి లెక్కను పెంచుతుంది. రెండో లెక్కలో దాని ఉనికే కనబడదు. మోటారు రోజుకు నలభై నిమిషాలే తిరుగుతుంది, మొదటి లెక్కలో దానిది చిన్న వాటా. రెండో లెక్కలో మాత్రం పెత్తనమంతా దానిదే. ఒకే అంకెతో రెండు పనులూ కానిచ్చేయాలని చూసేవారి ఇన్వర్టర్ అనవసరంగా పెద్దదైనా అవుతుంది, మోటారు వేసిన ప్రతిసారీ ఆగిపోయేదైనా అవుతుంది.

## 2. కూర్చునే ముందు సిద్ధం చేసుకోవలసినవి

- ప్లగ్‌కు, సాకెట్‌కు మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్. వాట్లతో పాటు పోగైన యూనిట్లను కూడా చూపించేది తీసుకోండి.
- సెకన్లు చూపించే గడియారం లేదా ఫోను.
- మోటార్లు ఉంటే, స్టార్టింగ్ కరెంటును పట్టుకునే క్లాంప్ మీటర్. కొనలేకపోతే ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక గంట అరువు తీసుకోండి.
- స్విచ్‌బోర్డు పక్కన అంటించడానికి ఒక కాగితం, దారంతో కట్టిన పెన్సిల్.
- ఒక వారం ఓపిక.

ఇల్లు ఇంకా కట్టలేదు, సామాను ఇంకా కొనలేదు అనేవారు ఇప్పుడున్న ఇంట్లో వాడుతున్న సామాను కొలవండి. అలవాట్లు ఇల్లు మారినంత మాత్రాన మారవు.

## 3. గదిగదీ తిరిగి జాబితా రాయండి

కుర్చీలో కూర్చుని గుర్తు చేసుకుంటూ రాయకండి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి, ప్రతి గదిలో ఎడమ గోడ నుంచి చుట్టూ తిరుగుతూ, ప్రతి సాకెట్ దగ్గర ఆగండి. జ్ఞాపకం నుంచి రాసిన జాబితాలో ఎప్పుడూ తప్పిపోయేవి ఇవి: రౌటర్, సెట్‌టాప్ బాక్స్, నీళ్ల ఫిల్టర్, కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్, కెమెరాలు, స్నానాల గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్, వరండా లైటు.

గీజర్, ఇండక్షన్ పొయ్యి, ఇస్త్రీ పెట్టె వంటి వేడి పుట్టించే సామాను కూడా రాయండి, కానీ వేరే కాగితం మీద. ఇవి ఒక్కొక్కటి వెయ్యి నుంచి రెండు వేల వాట్ల దాకా లాగుతాయి. వాటిని ఆఫ్‌గ్రిడ్‌లో నడపాలా, వేరే దారి చూడాలా అన్నది విడిగా తేల్చుకోవలసిన విషయం. మిగతా పట్టికలో కలిపేస్తే అసలు లెక్క వాటి కింద కనబడకుండా పోతుంది.

## 4. వాట్ల గడి: నేమ్‌ప్లేట్‌ను నమ్మవలసిన చోట, నమ్మకూడని చోట

పరికరం వెనక అతికించిన రేకు మీద ఉండేది సాధారణంగా అది లాగగలిగే గరిష్ఠం. వైరు, ఫ్యూజు తేల్చడానికి రాసిన అంకె అది. రోజువారీ వాడకం అంతే ఉంటుందని దాని అర్థం కాదు.

ఎల్‌ఈడీ బల్బు విషయంలో నమ్మవచ్చు. 9 వాట్లు అంటే దాదాపు 9 వాట్లే. ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద 65 వాట్లు అని ఉంటుంది. బ్యాటరీ నిండిన ల్యాప్‌టాప్‌లో మామూలు పని చేసుకుంటున్నప్పుడు మీటరు 35 చూపిస్తుంది, ఒక్కోసారి 20. ఫ్యాను మీరు ఏ వేగంలో తిప్పుతారో ఆ వేగంలోనే కొలవండి. పాత పెట్టె రెగ్యులేటర్లు వేగం తగ్గించినా కరెంటులో కొంత భాగాన్ని వేడిగా మార్చి వృథా చేస్తాయి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అయితే వేగంతో పాటు వాట్లు కూడా నిజంగానే తగ్గుతాయి.

తప్పు రెండో వైపు కూడా జరుగుతుంది. మైక్రోవేవ్ మీద పెద్ద అక్షరాలతో 800 వాట్లు అని ఉంటే అది లోపల పెట్టిన పదార్థానికి అందే శక్తి. సాకెట్ నుంచి అది లాగేది 1,200 వాట్ల పైమాటే. మోటారు మీద రాసిన హార్స్‌పవర్ కూడా అలాంటిదే. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, అర హార్స్‌పవర్ అంటే 373. అయితే అది ఇరుసు దగ్గర మోటారు చేసే పని. చిన్న మోటార్లలో కరెంటులో మూడో వంతుకు పైగా వేడిగా పోతుంది కాబట్టి, అర హార్స్‌పవర్ పంపు సాకెట్ నుంచి 600 వాట్ల దాకా లాగడం మామూలే.

మీటరు లేకుండా కొలిచే పద్ధతి

ఇప్పుడున్న ఇంటికి గ్రిడ్ కరెంటు ఉండి, ఎలక్ట్రానిక్ మీటరు ఉంటే వాట్ మీటర్ కొనకుండానే పంపు వంటివాటిని కొలవవచ్చు. మీటరు మీద ఎర్ర దీపం ఒకటి మిణుకుతూ ఉంటుంది. దాని పక్కన `3200 imp/kWh` వంటి అంకె ఉంటుంది. 3,200 మిణుకులకు ఒక యూనిట్ అని అర్థం. అంటే 32 మిణుకులకు 10 వాట్ అవర్లు.

ఇంట్లో మిగతావన్నీ ఆపండి. ఫ్రిజ్‌ను ప్లగ్ నుంచి తీసేయండి. పంపు వేసి, నీళ్లు నిలకడగా పడ్డాక, మొదటి మిణుకును సున్నాగా పెట్టుకుని 32 వరకు లెక్కించండి. ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి.

```
W = 36000 / సెకన్లు
```

నా దగ్గర పంపుకు సరిగ్గా 60 సెకన్లు పట్టింది. 36000ను 60తో భాగిస్తే 600 వాట్లు. రేకు మీద అర హార్స్‌పవర్ అని మాత్రమే ఉంది. మీ మీటరు మీద 3200 కాకుండా వేరే అంకె ఉంటే, దాన్ని వందతో భాగించి వచ్చినన్ని మిణుకులు లెక్కించండి. సూత్రం మారదు.

## 5. గంటల గడి: పట్టికలో అన్నిటికంటే అబద్ధాలాడే చోటు

వాట్లను మీటరు చెబుతుంది. గంటలను మనుషులు చెబుతారు. టీవీ ఎంతసేపు చూస్తారని అడిగితే ఏ ఇంట్లోనైనా రెండు గంటలంటారు. ఒక వారం కాగితం అంటించి చూస్తే నాలుగు తేలుతుంది. తప్పు ఎవరిదీ కాదు, ఎవరూ గడియారం పెట్టుకుని టీవీ చూడరు. అందుకే ఆ పెన్సిల్.

లైట్లు, ఫ్యాన్ల వంటివి ఒకటికి మించి ఉన్నప్పుడు "ఆరు బల్బులు, రోజుకు ఐదు గంటలు" అని రాయకండి. ఆరూ ఐదు గంటలు వెలగవు. ఒక్కో బల్బు గంటలను విడిగా కూడి "బల్బు గంటలు" రాయండి. కింది ఉదాహరణలో ఆరు బల్బులకు కలిపి 22 బల్బు గంటలు వచ్చాయి. రాత్రి ఎనిమిదేసి గంటలు తిరిగే రెండు ఫ్యాన్లు, పగలు అప్పుడప్పుడు తిరిగేవి కలిపి 24 ఫ్యాను గంటలు.

వారానికి రెండు మూడుసార్లు వాడేవాటికి ఒక్క వాడకానికి ఎన్ని వాట్ అవర్లో చూసి, వారంలో ఎన్నిసార్లో దాంతో గుణించి, ఏడుతో భాగించాలి. వాషింగ్ మెషిన్ చన్నీళ్లతో ఒక్కసారి ఉతికితే 200 వాట్ అవర్లు అనుకుంటే, వారానికి మూడుసార్లకు 600, రోజుకు సుమారు 86. నీళ్లు వేడి చేసుకునే మెషిన్ అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది. దాన్ని వేడి సామాను కాగితంలోకి పంపండి.

సగటులో ఒక మోసం ఉంది. ఉతికిన రోజు బ్యాటరీకి కావలసింది 200, 86 కాదు. చిన్న లోడైతే పట్టించుకోనక్కరలేదు. పెద్దదైతే "ఎండ ఉన్న మధ్యాహ్నమే వాడాలి" అని పట్టికలోనే పక్కన రాసుకోండి.

ప్రతి వరుసలోనూ పగలు ఎంత, రాత్రి ఎంత అని విడగొట్టడం మరవకండి. పగటి వాడకంలో చాలా భాగాన్ని ప్యానెళ్లు నేరుగా భరిస్తాయి. రాత్రిది మొత్తం బ్యాటరీ మీద పడుతుంది.

## 6. ఫ్రిజ్ వరుస

పట్టిక నిలబడినా పడిపోయినా సాధారణంగా ఈ వరుస దగ్గరే. అందుకే దీనికి ఒక విభాగం.

ఫ్రిజ్ ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంటుంది కాబట్టి చాలామంది 24 గంటలు అని రాస్తారు. రేకు మీద 1.2 ఆంపియర్లు అని ఉంటే 230 వోల్టులతో గుణించి 276 వాట్లు అంటారు. రెండూ గుణిస్తే రోజుకు 6,624 వాట్ అవర్లు. అదే ఫ్రిజ్‌ను వాట్ మీటర్ మీద పెట్టి మూడు రోజులు వదిలేస్తే 3.3 యూనిట్లు చూపించింది. అంటే రోజుకు 1,100. ఆరు రెట్ల తేడా! ఆ పట్టికను నమ్మి కొన్నవారు ఫ్రిజ్ ఒక్కదానికే ఐదు యూనిట్ల బ్యాటరీ అదనంగా కొంటారు.

కారణం తెలిసిందే. కంప్రెసర్ కాసేపు తిరుగుతుంది, చల్లబడ్డాక ఆగుతుంది. ఈ ఫ్రిజ్‌లో కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు మీటరు 120 వాట్లు చూపించింది. రేకు మీది అంకె మాత్రం మంచు కరిగించే హీటరును కూడా కలుపుకొని రాసింది.

ఆ హీటరు వల్లే కొలతలో రెండో తప్పు జరుగుతుంది. మంచు పేరుకోని రకం ఫ్రిజ్‌లలో అది రోజులో ఎప్పుడో ఒకసారి కాసేపు పనిచేస్తుంది. మీరు రెండు గంటలు కొలిచి పన్నెండుతో గుణిస్తే, ఆ రెండు గంటల్లో హీటరు తగలకపోతే లెక్క తగ్గుతుంది, తగిలితే విపరీతంగా పెరుగుతుంది. కాబట్టి:

- కనీసం 48 గంటలు కొలవండి, 72 అయితే మంచిది.
- తలుపు మామూలుగానే తీస్తూ, వేస్తూ ఉండండి. పరీక్ష జరుగుతోందని పొదుపు చేయకండి.
- వేడి కాలంలో కొలవండి. చల్లటి కాలంలో కొలిచిన అంకెను అలాగే వాడితే వేసవిలో బ్యాటరీ చాలదు.
- గంటల గడిలో ఏమీ రాయకండి. "మీటరు" అని రాసి, వాట్ అవర్లు నేరుగా వేయండి.

ఫ్రిజ్ ఇంకా కొనలేదా? దాని మీద అతికించే విద్యుత్ లేబుల్‌లో ఏడాది వాడకం యూనిట్లలో ఉంటుంది. దాన్ని 365తో భాగించండి. 300 యూనిట్లు అయితే రోజుకు 822 వాట్ అవర్లు. అది పరీక్షశాలలో వచ్చిన అంకె. వేడి వంటగది, పిల్లలు తీసే తలుపు దానికి తెలియవు. నేను మరో మూడో వంతు కలుపుతాను. దాదాపు 1,100 అవుతుంది.

## 7. సర్జ్ గడి

మోటారు ఆగి ఉన్న స్థితి నుంచి కదిలేటప్పుడు, మామూలుగా తిరిగేటప్పటి కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. దాన్నే సర్జ్ అంటున్నాం. పంపులు, పాత రకం ఫ్రిజ్ కంప్రెసర్లు ఐదు నుంచి ఏడు రెట్లు లాగుతాయి. అది ఒక సెకను కూడా ఉండకపోవచ్చు. కానీ ఆ సెకనులోనే ఇన్వర్టర్ భరిస్తుందా, చేతులెత్తేస్తుందా అన్నది తేలిపోతుంది.

ఈ గడిని వాట్లలో కాకుండా వోల్ట్ ఆంపియర్లలో రాయండి. మోటారు మొదలయ్యే క్షణంలో వోల్టేజికి, కరెంటుకు పొంతన ఉండదు, కాబట్టి నిజమైన వాట్లు తక్కువగా కనిపిస్తాయి. ఇన్వర్టర్‌లోని భాగాల గుండా ప్రవహించే కరెంటు మాత్రం మొత్తంగా ప్రవహిస్తుంది. వాటిని వేడెక్కించేది అదే.

అంకె ఎక్కడ దొరుకుతుంది?

కంప్రెసర్ మీదో, మోటారు మీదో `LRA` అని ఉంటే అదృష్టం. ఇరుసు కదలకుండా ఉన్నప్పుడు లాగే ఆంపియర్లు అవి. 230తో గుణించి రాసేయండి.

లేకపోతే క్లాంప్ మీటర్. దాని మీద స్టార్టింగ్ కరెంటు పట్టే మీట ఉండాలి. మామూలు క్లాంప్ మీటర్ తెరమీది అంకెను సెకనుకు రెండు మూడుసార్లే మారుస్తుంది. అసలు శిఖరం ఆ సందులో జారిపోతుంది. దవడ మధ్య ఒక్క వైరే ఉండాలి. రెండు వైర్లున్న కేబుల్ మొత్తాన్ని పెడితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. వైర్లు విడిగా కనిపించే చోటు స్టార్టర్ పెట్టెలోనే ఉంటే, మూత మీరు తీయకండి, ఎలక్ట్రీషియన్‌తో తీయించండి. మూడుసార్లు వేసి, ఎక్కువ వచ్చినది రాయండి. రెండు ప్రయత్నాల మధ్య కొంత విరామం ఇవ్వండి.

ఏదీ కుదరకపోతే ఈ అంచనాలు వాడండి:

- పంపు: నడిచే వాట్లకు 5 రెట్లు, లోతు బోరు అయితే 6.
- మామూలు కంప్రెసర్ ఫ్రిజ్: 7 రెట్లు.
- ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్: మెల్లగా వేగం అందుకుంటుంది కాబట్టి నడిచే వాట్లకు కాస్త ఎక్కువ వేస్తే చాలు.
- వాషింగ్ మెషిన్: 3 రెట్లు.
- మిక్సీ, డ్రిల్: 2 రెట్లు.
- వేడి సామాను, బల్బులు, రౌటర్లు: రాయనక్కరలేదు.

సర్జ్‌లన్నీ కూడకండి

కొత్తవారు సర్జ్ గడినంతా పై నుంచి కిందికి కూడుతారు. అన్నీ ఒకే క్షణంలో మొదలవ్వవు. చేయవలసింది ఇది: అన్నిటికంటే పెద్ద సర్జ్ ఒకటి తీసుకోండి. అది మొదలయ్యే సమయానికి నడుస్తూ ఉండగల మిగతా సామాను మామూలు వాట్లను దానికి కలపండి.

ఒక మినహాయింపు ఉంది. ఇన్వర్టర్ ఆగి, తనంతట తాను మళ్లీ మొదలైతే, స్విచ్ వేసి ఉన్న మోటార్లన్నీ నిజంగానే ఒకేసారి లేస్తాయి. పంపును తొట్టి నిండాక ఆపే ఆటోమేటిక్ స్విచ్‌కు వదిలేసిన ఇళ్లలో ఇది జరుగుతుంది. అలాంటి చోట పంపు, ఫ్రిజ్ సర్జ్‌లు రెండూ కూడాలి, లేదా ఒకదానికి ఆలస్యంగా మొదలయ్యే టైమర్ పెట్టాలి. ఫ్రిజ్‌కు మూడు నిమిషాల ఆలస్యం ఎలాగూ మంచిదే. ఆగిన వెంటనే గ్యాస్ ఒత్తిడి దిగకముందే లేవబోతే కంప్రెసర్ కదల్లేక, సర్జ్ కరెంటునే లాగుతూ మూలుగుతుంది.

## 8. ఒక ఇంటి పట్టిక, మొదటి నుంచి చివరి దాకా

నలుగురుండే రెండు గదుల ఇల్లు. పగలు, రాత్రి గడులు వాట్ అవర్లలో ఉన్నాయి. గంటల గడిలో సంఖ్యను కలుపుకొని మొత్తం గంటలు వేశాను.

| పరికరం | సంఖ్య | వాట్లు | మొత్తం గంటలు | పగలు | రాత్రి | రోజుకు | సర్జ్ |
|---|---|---|---|---|---|---|---|
| ఎల్‌ఈడీ బల్బులు | 6 | 9 | 22 | 0 | 198 | 198 | – |
| ఫ్యాన్లు | 3 | 70 | 24 | 560 | 1,120 | 1,680 | – |
| ఫ్రిజ్ | 1 | 120 | మీటరు | 550 | 550 | 1,100 | 840 |
| రౌటర్ | 1 | 9 | 24 | 108 | 108 | 216 | – |
| సెట్‌టాప్ బాక్స్ | 1 | 10 | 24 | 120 | 120 | 240 | – |
| టీవీ | 1 | 60 | 4 | 0 | 240 | 240 | – |
| ల్యాప్‌టాప్ | 1 | 35 | 6 | 210 | 0 | 210 | – |
| ఫోన్లు | 3 | – | మీటరు | 0 | 60 | 60 | – |
| పంపు | 1 | 600 | 40 నిమిషాలు | 400 | 0 | 400 | 3,000 |
| వాషింగ్ మెషిన్ | 1 | 400 | మీటరు | 86 | 0 | 86 | 1,200 |
| మిక్సీ | 1 | 500 | 10 నిమిషాలు | 83 | 0 | 83 | 1,000 |
| మొత్తం | | | | 2,117 | 2,396 | 4,513 | |

సెట్‌టాప్ బాక్స్, టీవీ వరుసలు చూడండి. నాలుగు గంటలు చూసిన టీవీ ఎంత తిన్నదో, ఎవరూ పట్టించుకోని పెట్టె కూడా అంతే తిన్నది. రిమోట్‌తో ఆపితే అది ఆగదు, గోడ స్విచ్ ఆపాలి. ఫ్యాన్లు మొత్తంలో మూడో వంతుకు పైనే. వాటిని 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మారిస్తే 1,680 కాస్తా 720 అవుతుంది. ఇలాంటివి కంటికి కనబడేది పట్టిక వేశాకే.

ఇప్పుడు ఇన్వర్టర్ వరుస

నా మొదటి పట్టికలో ఈ వరుస లేదు. లెక్కంతా సరిగానే ఉన్నట్టుండేది, కానీ తెల్లవారుజామున ఐదింటికి ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోయేది. బ్యాటరీ పాడైందనుకుని కొన్నాళ్లు దాన్నే తిట్టాను. ఒక రాత్రి అన్ని స్విచ్‌లూ ఆపి బ్యాటరీ వైరు మీద డీసీ కొలిచే క్లాంప్ మీటర్ పెడితే, 24 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ పైచిలుకు పోతూనే ఉంది. ఏమీ నడపకపోయినా ఇన్వర్టర్ తన కోసం 25 వాట్లు తింటోంది. రోజుకు 600 వాట్ అవర్లు, ఫ్రిజ్ వాడకంలో సగానికి పైగా.

ఈ అంకె ఇన్వర్టర్ వివరాల కాగితంలో ఖాళీగా ఉన్నప్పటి వాడకం అన్న పేరుతో ఉంటుంది. అది కాక, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు మరో పదో వంతు పోతుంది. అందువల్ల:

```
4513 / 0.9 + 25 × 24 = 5614
```

రోజుకు 5.6 యూనిట్లు. రాత్రి భాగం విడిగా చూస్తే 2,396ను 0.9తో భాగించి, పన్నెండు గంటల ఇన్వర్టర్ వాడకం 300 కలిపితే దాదాపు 2,960. ఒక్క రాత్రి గడవడానికి బ్యాటరీ నుంచి నిజంగా రావలసింది అంత. మబ్బు రోజులకు కూడా నిలవాలంటే లెక్కలోకి తీసుకోవలసింది 5.6 యూనిట్లను, రాత్రి అంకెను కాదు.

గడ్డు క్షణం

సాయంత్రం మూడు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఫ్రిజ్, టీవీ, రౌటర్, సెట్‌టాప్ బాక్స్, ల్యాప్‌టాప్ నడుస్తున్నాయనుకోండి. 210, 36, 120, 60, 9, 10, 35 కలిపితే 480. అప్పుడెవరో పంపు వేశారు. 480కి 3,000 కలిపితే 3,480. ఇన్వర్టర్ సర్జ్ సామర్థ్యం దీనికి పైన ఉండాలి.

నిలకడగా మోయవలసిన బరువు వేరు. ఆ 480కి నడుస్తున్న పంపు 600, మిక్సీ 500, వాషింగ్ మెషిన్ 400 కలిస్తే 1,980 వాట్లు. రెండు వేల వాట్ల ఇన్వర్టర్ అంచున నిలబడుతుంది, నేనైతే ఆ సైజు కొనను. పంపు, వాషింగ్ మెషిన్ కలిపి వేయకూడదన్న నియమం ఇంట్లో నిజంగా అమలైతే 1,580కి దిగుతుంది, అప్పుడు సరిపోతుంది. అమలవుతుందా లేదా అన్నది మీ ఇంటివాళ్లను బట్టి మీరే తేల్చుకోవాలి.

కొనేటప్పుడు "రెట్టింపు సర్జ్" అన్న మాట వినగానే తలూపకండి. ఎంతసేపు అని అడగండి. ఐదు సెకన్లు భరించేది వేరు, కొన్ని మిల్లీసెకన్లు భరించేది వేరు. నిండు తొట్టి ఒత్తిడికి ఎదురు లేవవలసిన పంపుకు రెండో రకం పనికిరాదు.

## 9. పట్టికను కంప్యూటర్‌లో పెట్టేటప్పుడు

ఎక్సెల్ వంటి పట్టికలో వాట్లు B గడిలో, ఒక్క పరికరం గంటలు C గడిలో, సంఖ్య D గడిలో, వారంలో రోజులు E గడిలో పెడితే:

```
=B2*C2*D2*E2/7
```

బల్బు గంటల్లా ముందే కూడి రాసిన వరుసల్లో D గడిలో 1 వేయండి, లేకపోతే సంఖ్య రెండుసార్లు గుణించుకుపోతుంది. నిమిషాలను గంటలుగా మార్చి వేయాలి. నలభై నిమిషాలంటే 0.67, 0.40 కాదు. నవ్వకండి, ఈ తప్పు నేను చాలా పట్టికల్లో చూశాను.

ఫ్యాన్లు ఎక్కువగా తిరిగే కాలానికి ఒక పట్టిక, ఎండ తక్కువగా ఉండే కాలానికి ఒక పట్టిక విడిగా వేయండి. మొదటి దానిలో వాడకం ఎక్కువ, రెండో దానిలో రాబడి తక్కువ. ఏది ఎక్కువ ప్యానెళ్లు అడుగుతుందో రెండూ వేస్తే తప్ప తెలియదు.

పంపించే ముందు చూసుకోవలసినవి:

- ప్రతి అంకె పక్కన అది కొలిచిందా, రేకు మీదిదా, అంచనానా అని రాశారా?
- ఫ్రిజ్ వరుస మీటరు నుంచి గానీ లేబుల్ నుంచి గానీ వచ్చిందా?
- 24 గంటలూ నడిచే చిన్న సామాను అంతా ఉందా?
- ఇన్వర్టర్ సొంత వాడకం, మార్పిడి నష్టం రెండూ కలిపారా?
- పగలు, రాత్రి కూడితే మొత్తానికి సరిపోతోందా?
- సర్జ్ ఒక్కటే తీసుకున్నారా, లేక అన్నీ కూడేశారా?

## 10. బిగించాక పట్టిక తప్పని తేలితే

మొదటి రెండు వారాలు ఇన్వర్టర్ తెరమీద రోజువారీ వాడకం రాసుకోండి. ముందుగా ఆ అంకె ఇంటి వైపు కొలిచిందా, బ్యాటరీ వైపు కొలిచిందా చూడండి. ఇంటి వైపుదైతే పట్టికలోని 4,513తో పోల్చాలి, 5,614తో కాదు. పదో వంతు తేడా మామూలే.

వాడకం రోజూ ఒకే మోతాదులో ఎక్కువగా ఉంటే, 24 గంటలూ నడిచేది ఏదో జాబితాలో తప్పిపోయింది. రాత్రి అందరూ పడుకున్నాక, ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపి తెరమీద వాట్లు చూడండి. రౌటర్, సెట్‌టాప్ బాక్స్ కలిపి 19 ఉండాలి. 45 ఉంటే మిగతా 26 ఎక్కడివో ఒక్కో ప్లగ్ తీస్తూ వెతకండి.

కొన్ని రోజులే ఎక్కువగా ఉంటే గంటల గడిని అనుమానించండి. స్విచ్‌బోర్డు పక్కన కాగితం మళ్లీ అంటించండి.

పంపు వేయగానే ఇన్వర్టర్ ఆగిపోతే, ఏ హెచ్చరికతో ఆగిందో చూడకుండా పెద్ద ఇన్వర్టర్ కొనకండి. ఓవర్‌లోడ్ అని చూపిస్తే సర్జ్ లెక్క తక్కువైంది. పంపుకు మెల్లగా వేగం పెంచే సాఫ్ట్ స్టార్టర్ మీ మోటారు రకానికి సరిపడేది దొరుకుతుందేమో ముందు అడగండి. బ్యాటరీ సగానికి పైగా నిండి ఉండగానే లో బ్యాటరీ అని చూపిస్తే తప్పు పట్టికలో లేదు. మూడు వేల వాట్లంటే 24 వోల్టుల బ్యాటరీ నుంచి 125 ఆంపియర్లకు పైగా లాగాలి. కేబుల్ సన్నగా ఉన్నా, బిగింపు వదులుగా ఉన్నా, బ్యాటరీ పాతబడినా ఆ క్షణంలో ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి కూలిపోతుంది. పంపు రెండు మూడుసార్లు వేశాక, ఇన్వర్టర్‌ను, పంపును ఆపేసి, కేబుల్ చివరల దగ్గర చెయ్యి ఆనించి చూడండి. మిగతా కేబుల్ చల్లగా ఉండి ఒక చివర మాత్రమే వెచ్చగా ఉంటే, ఆ బోల్టు దగ్గరే సమస్య ఉంది.